దూరపు షాట్‌లోనూ దగ్గరి షాట్‌లోనూ అదే రాయి కనిపించాలంటే

ప్రశ్న: విశాఖలో మేము నలుగురం కలిసి బ్లెండర్‌లో ఒక సైన్స్ ఫిక్షన్ షార్ట్ ఫిల్మ్ చేస్తున్నాం. కథ ఒక ఊహా గ్రహం మీద, సముద్రం ఒడ్డున ఎర్రరాయితోనూ ఇనుముతోనూ కట్టిన రేవు పట్టణంలో జరుగుతుంది. ఊరంతా కనిపించే దూరపు షాట్లు ఒకరు, వీధి షాట్లు ఒకరు, ఇళ్ల లోపలి షాట్లు ఇంకొకరు చేశారు. విడివిడిగా అన్నీ బాగున్నాయి. వరుసగా పెడితే మూడు వేర్వేరు గ్రహాల్లా ఉన్నాయి. కలర్ గ్రేడింగ్‌లో ఎంత కలిపినా అతకడం లేదు. ఎక్కడి నుంచి సరిచేయాలి?

సమాధానం:

గ్రేడింగ్‌ను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఇటువంటి తేడా కంటికి రంగులో ఉన్నట్లు తోస్తుంది కానీ, దాని మూలం సాధారణంగా మూడు చోట్ల ఉంటుంది: ఒక్కొక్క రాయి ఎంత పెద్దది అన్న కొలతలో, ఒక పదార్థం మరొక పదార్థాన్ని కలిసే అతుకులో, గోడల మీద కాలం వదిలిన గుర్తుల్లో. ముగ్గురు కళాకారులు ఈ మూడింటినీ ఎవరికి వారు ఊహించుకుని చేసినప్పుడు, ఒకే ఎరుపు రంగు వాడినా ఆ ఊరు ఒకటిగా కనిపించదు. గ్రేడింగ్ రంగునూ వెలుగునూ మార్చగలదు గాని, రాతి వరస ఎత్తును మార్చలేదు.

ముందుగా రెండు పరీక్షలు చేయండి. మొదటిది అన్ని ఫైళ్లలోనూ `View Transform` ఒకటేనా అని చూడడం. బ్లెండర్ 4.0 నుంచి కొత్త ఫైళ్లకు `AgX` ముందే పెట్టి ఉంటుంది. అంతకు ముందు వెర్షన్లలో మొదలుపెట్టిన ఫైళ్లలో `Filmic` ఉంటుంది, అవి కొత్త వెర్షన్‌లో తెరిచినా అలాగే ఉండిపోతాయి. వెలుగు బాగా పడిన ఎర్రరాయి ఈ రెండింటిలో రెండు రంగులుగా కనిపిస్తుంది. మీ ముగ్గురిలో ఒకరు పాత ఫైలు మీద పని కొనసాగించి ఉంటే, గ్రేడింగ్‌లో మీరు పడిన శ్రమలో కొంత భాగం ఈ తేడాను వెనక్కి లాగడానికే ఖర్చయి ఉంటుంది.

రెండవది మట్టిబొమ్మ పరీక్ష. ప్రతి షాట్‌లోనూ `View Layer` విభాగంలోని `Material Override` లో 0.18 విలువ గల ఒక సాదా బూడిదరంగు మెటీరియల్ పెట్టి, ఒక్కొక్క ఫ్రేమ్ రెండర్ చేసి, మూడు రకాల షాట్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. రంగులు, టెక్స్చర్లు ఏమీ లేని ఆ స్థితిలో కూడా మూడు ఊళ్లలా కనిపిస్తే, దోషం కట్టడపు కొలతల్లో ఉంది. బూడిదరంగులో కలిసిపోయి, మెటీరియల్స్ తిరిగి పెట్టగానే విడిపోతే, దోషం పదార్థాల్లో ఉంది. మీరు చెప్పినదాన్ని బట్టి రెండూ కొంత కొంత ఉంటాయని నా అంచనా. అయితే కొలతలు సరిపడకుండా పదార్థాలను సరిచేయడం మొదలుపెడితే ఆ పని మళ్లీ చేయవలసి వస్తుంది.

కొలత ఎక్కడి నుంచి పుట్టాలి అన్నది అసలు విషయం. గీసేవారి అభిరుచి నుంచి కాక, ఆ ఊరి వారు ఆ రాయిని ఎలా తవ్వి, ఎలా మోసి, ఎలా నిలబెట్టగలరు అన్నదాని నుంచి పుట్టాలి. ఇందుకు మీరు దూరం వెళ్లనక్కరలేదు. సింహాచలం ఆలయ మండపాల్లో స్తంభాలు ఎందుకు అంత దగ్గర దగ్గరగా ఉన్నాయో గమనించండి. రాయి నొక్కుడును బాగా తట్టుకుంటుంది గాని వంగుడును తట్టుకోలేదు. రెండు స్తంభాల మీద అడ్డంగా పరచిన రాతి దూలం అడుగుభాగం సాగడానికి ప్రయత్నించి పగులుతుంది. కాబట్టి రాతితో కట్టేవారు స్తంభాలను దగ్గరగా నిలపవలసిందే. అంటే ఆ మండపపు లయను నిర్ణయించినది శిల్పి రుచి ఒక్కటే కాదు, రాయి బలహీనత కూడా. మీ గ్రహం మీది ఊరికి కూడా ఇటువంటి ఒక బలహీనతను ఎంచుకుని దానికి కట్టుబడితే, ఎవరు ఏ షాట్ చేసినా నిష్పత్తులు వాటంతట అవే కలుస్తాయి.

మీ ఎర్రరాయితోనే లెక్క వేసి చూపిస్తాను. విశాఖ కొండల్లో విస్తారంగా ఉన్న ఖొండలైట్ వంటి రాయి అనుకుందాం. గార్నెట్ గింజలు కలిసిన, గాలికీ వానకూ తేలికగా మెత్తబడి ఎర్రబారే రాయి. ఇటువంటి రాళ్ల సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 2.7 టన్నులు. మీ ఊరిలో మామూలు రాతి దిమ్మె 1.2 మీటర్ల పొడవు, 0.6 మీటర్ల వెడల్పు, 0.6 మీటర్ల ఎత్తు అని నిర్ణయించండి. దాని బరువు దాదాపు 1.2 టన్నులు అవుతుంది. చిన్న క్రేనుతో ఎత్తగలరు, చేతులతో ఎత్తలేరు. రేవు పట్టణానికి ఇది నప్పుతుంది. గుమ్మాల మీద పరిచే దూలానికి మాత్రం 2.4 మీటర్ల పొడవు వరకు రాయి దొరుకుతుందని నిర్ణయించండి. ఆ దూలం రెండు వైపులా 0.3 మీటర్ల చొప్పున గోడ మీద ఆనాలి కాబట్టి, ఈ ఊరిలో ఏ ద్వారమూ, ఏ కిటికీ 1.8 మీటర్ల కంటే వెడల్పు ఉండదు. రెండు కిటికీల మధ్య గోడ 1.2 మీటర్లు ఉంటే, దాని మీద అటు దూలమూ ఇటు దూలమూ ఆని, మధ్యలో సరిగ్గా 0.6 మీటర్ల రాయి ఒకటి పడుతుంది. అంటే కిటికీ నుంచి కిటికీకి 3 మీటర్లు.

నిలువు కొలతలన్నీ 0.6 మీటర్ల వరస నుంచే వస్తాయి. ఒక అంతస్తు ఆరు వరసలు, అంటే 3.6 మీటర్లు. ద్వారం నాలుగు వరసలు. కిటికీ అడుగు నేల నుంచి ఒక వరసో రెండు వరసలో పైన ఉంటుంది గాని మధ్యలో ఉండదు. ఒక వరసలో నాలుగు మెట్లు, మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు. ఈ నాలుగైదు అంకెలను ఒక కాగితం మీద రాసి ముగ్గురూ ఎదురుగా పెట్టుకుంటే చాలు. వందల పేజీల డిజైన్ పుస్తకం తయారు చేసేవారిని చూశాను. షాట్ చేస్తున్నవారు అంత పుస్తకాన్ని తెరిచి చూడరు, గుర్తున్నదాన్ని బట్టి గీస్తారు. గుర్తుండేంత చిన్న నియమమే పని చేస్తుంది.

ఇక్కడ గురుత్వాకర్షణ గురించి ఒక మాట. మీది వేరే గ్రహం కాబట్టి ఎవరో ఒకరికి కట్టడాలను సన్నగా, వెడల్పుగా చేయాలన్న కోరిక పుడుతుంది. దానికి కూడా లెక్క ఉంది. దూలం తన బరువును తానే మోసేటప్పుడు దానిలో పుట్టే వంగుడు ఒత్తిడి గురుత్వానికీ, దూలం పొడవు వర్గానికీ అనులోమంగా ఉంటుంది. కాబట్టి గురుత్వం సగమైతే, అదే మందం గల దూలం రెట్టింపు దూరం దాటదు. రెండు యొక్క వర్గమూలం, అంటే సుమారు 1.4 రెట్లు మాత్రమే దాటుతుంది. మీ 1.8 మీటర్ల ద్వారం 2.5 మీటర్లు అవుతుంది, అంతే. పైగా మీ పాత్రలు భూమి మీద నడిచినట్లే నడుస్తుంటే, బట్టలూ దుమ్మూ భూమి మీద పడినట్లే పడుతుంటే, గురుత్వాన్ని భూమితో సమానంగా ఉంచడమే నిజాయితీ గల నిర్ణయం. కట్టడం ఒక గురుత్వాన్నీ, మనిషి నడక మరొక గురుత్వాన్నీ చెబితే ప్రేక్షకుడికి కారణం తెలియకపోయినా ఆ షాట్ అబద్ధంగా తోస్తుంది.

ఇప్పుడు దూరపు షాట్లు ఎందుకు విడిపోతున్నాయో చూద్దాం, ఎందుకంటే ఎక్కువ నష్టం సాధారణంగా అక్కడే జరుగుతుంది. బ్లెండర్ కెమెరాలో సెన్సార్ వెడల్పు మామూలుగా 36 మిల్లీమీటర్లు. 35 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే, ఎంత దూరంలో చూస్తున్నామో దాదాపు అంత వెడల్పు ఫ్రేమ్‌లో పడుతుంది. 300 మీటర్ల దూరంలోని కట్టడాల దగ్గర ఫ్రేమ్ వెడల్పు సుమారు 309 మీటర్లు. దాన్ని 1920 పిక్సెళ్లతో భాగిస్తే ఒక్కొక్క పిక్సెల్ 16 సెంటీమీటర్లు. వీధిలో 6 మీటర్ల దూరంలోని గోడ దగ్గర ఒక పిక్సెల్ 3 మిల్లీమీటర్ల పైచిలుకు. గది లోపల 2 మీటర్ల దూరంలో ఒక పిక్సెల్ ఇంచుమించు ఒక మిల్లీమీటరు.

రాళ్ల మధ్య సున్నపు అతుకు 8 మిల్లీమీటర్లు అనుకోండి. గది లోపల అది ఏడెనిమిది పిక్సెళ్ల స్పష్టమైన గీత. వీధిలో రెండున్నర పిక్సెళ్ల సన్నని గీత. దూరపు షాట్‌లో అది పిక్సెల్‌లో ఇరవయ్యో వంతు, అంటే కంటికి లేనట్లే. అక్కడ కనిపించవలసినవి 11 పిక్సెళ్ల వెడల్పు గల కిటికీ నీడలూ, 22 పిక్సెళ్లకు ఒకసారి వచ్చే అంతస్తు గీతా మాత్రమే. కానీ దూరపు షాట్ చేసేవారికి గోడ ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఖాళీని భరించలేక రాతి టెక్స్చర్‌ను పెద్దది చేసి, వరసలు కనిపించేలా పెడతారు. ఒక వరస 12 పిక్సెళ్లు పట్టేలా పెట్టారనుకోండి, అది దాదాపు 1.9 మీటర్ల రాయి అయింది. నిజమైన కొలతకు మూడు రెట్లకు పైన. మూడంతస్తుల భవనంలో పద్దెనిమిది వరసలు ఉండవలసింది, ఆరు వరసలు కూడా ఉండవు. తరువాతి షాట్‌లో వీధిలోకి దిగిన ప్రేక్షకుడు 0.6 మీటర్ల వరసను చూసి, ఇందాక చూసిన భవనాన్ని ఆ కొలతతో తిరిగి లెక్కించుకుంటాడు. అప్పుడు అది పది మీటర్ల భవనం కాదు, మూడున్నర మీటర్ల నమూనా. దూరపు షాట్లు సినిమా సెట్‌ను చిన్నగా చేసి తీసినట్లు ఉన్నాయని మీకు అనిపించి ఉంటే, కారణం ఇదే కావచ్చు.

దీన్ని గుర్తించడం తేలిక. దూరపు ఫ్రేమ్‌లో ఒక ద్వారం పక్కన వరసలు లెక్కపెట్టండి. ద్వారం ఎత్తులో నాలుగు వరసలు రావాలి. అంత దూరంలో నాలుగు వరసలు విడిగా కనిపించకపోతే మంచిదే, కనిపించకూడదు. రెండు మాత్రమే వచ్చి స్పష్టంగా కనిపిస్తే టెక్స్చర్ కొలత తప్పు. ఖాళీగా అనిపించే గోడను నింపవలసింది పెద్ద రాళ్లతో కాదు. ఆ దూరంలో నిజంగా కనిపించే పరిమాణం గల వస్తువులతో నింపాలి: గోడ ముందుకు వచ్చిన అరుగులు, కప్పు చూరు నీడ, మీటరున్నర వెడల్పు గల నీటి గొట్టాల వరస, భవనానికీ భవనానికీ రంగులో చిన్న తేడా. ఒక మనిషి ఆ ఫ్రేమ్‌లో పది పదకొండు పిక్సెళ్ల ఎత్తు ఉంటాడు. అక్కడక్కడా మనుషులను నిలబెడితే కొలత స్థిరపడుతుంది.

దూరంలో ఇంకొక సమస్య ఉంది. ఇది కొలత సరిచేసిన తరువాతే బయటపడుతుంది. వీధి షాట్‌లో మీ రాయి గరుకుగా కనిపించడానికి కారణం నార్మల్ మ్యాప్‌లోనో డిస్‌ప్లేస్‌మెంట్‌లోనో ఉన్న చిన్న చిన్న ఎగుడుదిగుళ్లు. అవి వెలుగును అన్ని వైపులకూ చెదరగొడతాయి, తమ గుంటల్లో నీడలను దాచుకుంటాయి. దూరపు షాట్ బరువు తగ్గించడానికి ఆ మ్యాప్‌ను తీసివేసినా, బాగా చిన్నది చేసినా, గోడ నున్నని పలక అయిపోతుంది. రఫ్‌నెస్ విలువ అదే ఉన్నప్పటికీ రాయి మెరవడం మొదలుపెడుతుంది, గుంటల్లోని నీడలు పోవడంతో కొంత తేలికపాటి రంగుకు మారుతుంది. ఫలితంగా దూరం నుంచి ప్లాస్టిక్ ఊరు, దగ్గరి నుంచి రాతి ఊరు. కాబట్టి దూరానికి వాడే రాయికి రఫ్‌నెస్ పెంచాలి, మూల రంగును కొద్దిగా ముదురు చేయాలి. ఎంత అన్నది కంటితో ఊహించకండి. ఒకే ఎండలో దగ్గరి గోడను పెద్దగా రెండర్ చేసి, ఆ బొమ్మను దూరపు గోడ అంత చిన్నదిగా కుదించండి. పక్కన దూరపు రెండర్‌ను పెట్టి రెండింటి సగటు రంగునూ పోల్చండి. రెండూ కలిసే వరకు దూరపు మెటీరియల్‌ను మార్చండి. సూర్యుడు కెమెరా వెనుక ఉన్నప్పుడూ, ఎదురుగా ఉన్నప్పుడూ ఈ పరీక్షను విడిగా చేయాలి, ఎందుకంటే మెరుపులోని తేడా ఎదురు వెలుగులోనే బయటపడుతుంది.

అతుకుల విషయానికి వస్తే, నాకు తెలిసినంతలో ఒక ఊహాలోకానికి దాని స్వంత ముఖం ఇచ్చేది ఇదే. రాయి ఎవరికైనా ఒకటే, ఇనుము ఎవరికైనా ఒకటే. రాయీ ఇనుమూ కలిసే చోట ఈ ఊరి వారు ఏం చేస్తారు అన్నదే ఆ ఊరి పద్ధతి. మీకు ఒక సూచన: ఈ ఊరిలో ఇనుము రాయిని నేరుగా తాకదు. మధ్యలో 4 సెంటీమీటర్ల ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో మందమైన నల్లని దిమ్మెల మీద ఇనుము కూర్చుంటుంది. కారణం కల్పన కాదు. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందువల్ల రాతిలోనో కాంక్రీటులోనో బిగించిన ఇనుము తుప్పు పట్టి ఉబ్బి తన చుట్టూ ఉన్నదాన్ని పగలగొడుతుంది. బీచ్ రోడ్డు వైపు ఉన్న పాత భవనాల బాల్కనీల అడుగున పెచ్చులు ఊడి లోపలి చువ్వలు బయటపడడం మీరు చూసే ఉంటారు. ఉప్పుగాలి మధ్య తరాల తరబడి కట్టుకుంటూ వచ్చినవారు దాన్ని నేర్చుకుని, ఇనుమును విడిగా నిలపడం అలవాటు చేసుకున్నారని అనుకోండి. ఇప్పుడు మీకు ప్రతి ద్వారబంధం చుట్టూ, ప్రతి మెట్ల చట్రం చుట్టూ ఒక నల్లని నీడ గీత వస్తుంది. గది లోపల దాని లోతూ దిమ్మెలూ కనిపిస్తాయి, వీధిలో పన్నెండు పదమూడు పిక్సెళ్ల గీతగా కనిపిస్తుంది. దూరపు షాట్‌లో ఆ గీత విడిగా కనిపించదు గాని, కిటికీ అంచులు కొంచెం ముదురుగా మారుతాయి. ఒకే నియమం మూడు దూరాల్లో మూడు విధాలుగా పని చేస్తుంది.

ఇనుప రేకుకూ రేకుకూ మధ్య అతుకుకు పైరేకు కిందిరేకు మీద పడాలన్న ఒక్క నియమం చాలు, వాన నీరు లోపలికి రాకుండా ఉండడానికి అదే మార్గం. రేకు వెడల్పు 1.2 మీటర్లు, అంటే రాతి దిమ్మె పొడవే. రివెట్లను దూరపు మోడల్‌లో పెట్టనే వద్దు.

ఇక కాలం గుర్తులు. వీధి షాట్లు చేసేవారు సాధారణంగా ఫ్రేమ్ నిండుగా ఉండాలని అన్ని వైపులా తుప్పూ మురికీ పూస్తారు. లోపలి షాట్లు చేసేవారు అదే ఇనుమును కొత్తగా వదిలేస్తారు. దీనికి విరుగుడు తుప్పును షాట్‌కు కాక ఊరికి కట్టడం. మీ రేవు పట్టణంలో సముద్రం ఏ దిక్కున ఉందో లేఅవుట్ ఫైలులో ఒక్కసారి నిర్ణయించండి. విశాఖలో సముద్రం ఎటు ఉందో ఇంటి గ్రిల్‌ను చూసి చెప్పవచ్చు. సముద్రం వైపు కిటికీ ఊచలను ఉప్పుగాలి ముందుగా తింటుంది, వెనుక వైపువి చాలాకాలం నిలుస్తాయి. మెటీరియల్‌లో `Geometry` నోడ్ ఇచ్చే `Normal` బాహ్య ప్రపంచపు దిక్కులలోనే ఉంటుంది. దాన్నీ, సముద్రం వైపు చూపే ఒక దిశనూ `Vector Math` నోడ్‌లోని `Dot Product` కు ఇస్తే, సముద్రానికి ఎదురుగా ఉన్న ముఖాల మీద ఎక్కువ విలువ, వెనుక ముఖాల మీద తక్కువ విలువ వస్తుంది. తుప్పు ఎంత ఉండాలో ఆ విలువే నిర్ణయించనివ్వండి. ఇక కెమెరా ఎటు తిరిగినా, ఆ భవనాన్ని ఎవరు తమ షాట్‌లోకి తెచ్చుకున్నా, తుప్పు ఎప్పుడూ సముద్రం వైపే ఉంటుంది. గది లోపలికి ఈ నోడ్‌ను గుడ్డిగా వర్తింపజేయకూడదు, ఎందుకంటే గాలి తగలని లోపలి గోడ కూడా సముద్రం వైపు తిరిగి ఉండవచ్చు. లోపలి ఇనుముకు తుప్పు కిటికీల నుంచి మొదలై లోపలికి పోయేకొద్దీ తగ్గాలి. ఆ భాగం చేత్తో పూసుకోవలసిందే.

తుప్పు చారలకు ఇంకొక చిన్న నియమం: ఇనుము ఉన్న చోటే చార మొదలవుతుంది, కిందికే జారుతుంది. రాతిగోడ మధ్యలో ఏ ఇనుమూ లేని చోట చార కనిపిస్తే అది ఎక్కడి నుంచో తెచ్చి అతికించిన ఫొటో. తుప్పు పట్టిన చోట `Metallic` విలువను సున్నా చేయడం మరచిపోకండి, తుప్పు లోహంలా వెలుగును ప్రతిఫలించదు. అది 1 గానే ఉండిపోతే తుప్పు రాగిలా మెరుస్తుంది. వీధిలో మెత్తగా కనిపించి లోపలి దీపపు వెలుగులో మెరిసిపోయే తుప్పు చాలావరకు ఈ కారణం వల్లనే వస్తుంది.

ఫొటోలు తీయాలనుకుంటే కైలాసగిరి వాలుల్లోని రాయీ, భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలూ మీకు దగ్గరలోనే ఉన్నాయి. మబ్బు పట్టిన రోజున తీయండి. ఎండలో తీసిన ఫొటోలో నీడలు టెక్స్చర్‌లోనే ఇరుక్కుపోతాయి, తరువాత మీ సూర్యుడు ఒక వైపు, ఫొటోలోని సూర్యుడు మరో వైపు ఉంటారు. ప్రతి చోటా ఒక రంగుల కొలత పట్టికనూ ఒక స్కేలునూ ఫ్రేమ్‌లో పెట్టి తీయాలి. లేకపోతే ఆ రాయి నిజమైన రంగూ, పరిమాణమూ తిరిగి తెలుసుకోలేరు. దిబ్బలు రక్షిత ప్రాంతం కాబట్టి అక్కడి మట్టిని నమూనాగా తీసుకురాకండి. నౌకాదళం, పోర్టు పరిసరాల్లో ఫొటోలకు నిషేధం ఉంటుంది, అక్కడి ఇనుము కోసం ప్రయత్నించకండి.

ఇవన్నీ ఒకసారి నిర్ణయించుకున్నాక అవి చెదిరిపోకుండా ఉండడానికి ఒకే మార్గం: రాయి, ఇనుము, సున్నం, చెక్క వంటి మెటీరియల్స్ అన్నీ ఒకే ఒక్క ఫైలులో ఉండాలి, మిగతా ఫైళ్లన్నీ వాటిని `Append` తో కాక `Link` తో తెచ్చుకోవాలి. `Append` చేస్తే మీ దగ్గరకు ఒక నకలు వస్తుంది. ఎవరో ఒకరు తమ షాట్‌కు అందంగా ఉందని రాయిని కాస్త ఎరుపు చేస్తారు, ఆ మార్పు మిగతా వారికి తెలియదు. వారంలో నాలుగు ఎర్రరాళ్లు తయారవుతాయి. దూరపు రాయి కూడా అదే ఫైలులో దగ్గరి రాయి పక్కనే ఉండాలి. ప్రతి షాట్ ఫైలులో స్థానిక నకళ్లు ఉన్నాయేమో చూడడానికి బ్లెండర్ స్క్రిప్టింగ్ విండోలోని పైథాన్ కన్సోల్‌లో ఇది నడపండి:

```python
import bpy
for m in bpy.data.materials:
    if m.library is None:
        print(m.name)
```

ఇది ఆ ఫైలులోనే పుట్టిన మెటీరియల్స్ పేర్లను చూపుతుంది. పాత్రల బట్టల వంటివి ఉండవచ్చు, రాయి పేరు మాత్రం కనిపించకూడదు. ఒక షాట్‌కు రాయి తప్పనిసరిగా మారాలంటే, ఆ మార్పు మూల ఫైలులో అందరికీ కనిపించేలా కొత్త పేరుతో జరగాలి.

ఒకే పద్ధతి పాటించడం అంటే అన్ని ఇళ్లూ ఒకేలా ఉండాలని కాదు. పేదల వాడ వేరుగా, వ్యాపారుల వీధి వేరుగా ఉండవచ్చు, ఉండాలి కూడా. అయితే ఆ తేడా కొత్త పదార్థంతో రాకూడదు, అదే పదార్థం ఎంత దొరికింది అన్నదానితో రావాలి. వ్యాపారి ఇంటికి పూర్తి 1.2 మీటర్ల దిమ్మెలు ఉంటాయి. పేదవాడి గోడ అవే దిమ్మెల నుంచి విరిగిన ముక్కలతో, మందమైన సున్నపు అతుకులతో ఉంటుంది, కప్పు మీద పాత ఓడల నుంచి కోసిన 1.2 మీటర్ల రేకులు ఉంటాయి, వాటిలో పాత రివెట్ల రంధ్రాలు మిగిలి ఉంటాయి. వరస మాత్రం చేతనైనంత వరకు 0.6 మీటర్లకే తెస్తారు, ఎందుకంటే ద్వారాలూ దూలాలూ ఆ కొలతకే అమ్ముతారు.

ఇప్పటికే చేసిన షాట్లన్నీ తిరిగి చేయనక్కరలేదు. దూరపు షాట్లలో టెక్స్చర్ కొలతా రఫ్‌నెస్ సరిచేస్తే చాలావరకు సరిపోతుంది, మోడల్స్ మార్చవలసిన అవసరం తక్కువ. వీధి షాట్లలో ద్వారాల వెడల్పును 1.8 మీటర్ల లోపుకు తెచ్చి, ఇనుము చుట్టూ ఖాళీని చేర్చి, తుప్పును సముద్రం వైపుకు మార్చాలి. అందులో రెండవది అన్నిటికంటే ఎక్కువ పని. లోపలి షాట్లలో మాత్రం ముందుగా కిటికీల దగ్గర గోడ మందాన్ని కొలిచి చూడండి. వీధిలో 0.6 మీటర్ల మందమైన రాతిగోడగా కనిపించిన ఇల్లు, లోపలికి వెళ్లగానే పది సెంటీమీటర్ల పలచని గోడలో అద్దం బిగించినట్లు ఉంటే, మిగతా నియమాలన్నీ పాటించినా ఆ రెండు షాట్లూ ఒకే ఇల్లుగా అతకవు. కిటికీ చట్రం గోడ బయటి ముఖం నుంచి లోపలికి ఎంత దూరంలో ఉందో ఒక అంకె నిర్ణయించి, ఉదాహరణకు బయటి నుంచి 0.2 మీటర్లు, లోపలి నుంచి 0.4 మీటర్లు అని రాసుకుని, వీధి మోడల్‌లోనూ గది మోడల్‌లోనూ అదే పెట్టండి. లోపలి వైపు మిగిలే ఆ 0.4 మీటర్ల రాతి అరుగు మీద మీ పాత్రలు కూర్చోవచ్చు, దీపం పెట్టవచ్చు. బయటి షాట్‌లో అదే దీపపు వెలుగు కిటికీ లోతులోని రాతి పక్కల మీద పడుతుంది.